పాత క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు: శాంపిల్ రేట్, బిట్ డెప్త్ ఎక్కడ ఎంత?

మా పెద్దమామయ్య పద్యనాటకాల్లో పాడేవాడు. 1987 సంక్రాంతికి ఊళ్లో వేసిన నాటకాన్ని ఎవరో మోనో టేప్ రికార్డర్ స్టేజీ అంచున పెట్టి రికార్డు చేశారు. సి-90 క్యాసెట్, రెండు వైపులా నిండుగా ఉంది. చాలా ఏళ్ల తర్వాత టౌన్లో ఒక షాపువాళ్లకు ఇచ్చి దాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్పించాం. ఆ ఫైలు విని, ఆ రోజు హార్మోనియం వాయించిన పెద్దాయన ఒకటే మాట అన్నారు: "మీ మామయ్య నాలుగు శ్రుతిలో పాడేవాడయ్యా, ఇది మూడుకు కూడా అందడం లేదు. గొంతు బరువెక్కింది, ఆయన కాదు ఇది."

ఆయన చెవి సరిగ్గానే చెప్పింది. క్యాసెట్‌ను డెక్కులో వేసి గడియారం పెట్టి చూస్తే ఒక వైపు 46 నిమిషాలు వచ్చింది. షాపువాళ్ల ఫైలు మాత్రం 50 నిమిషాలు ఉంది. ఎక్కడా ఏమీ కలపలేదు, తీయలేదు. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, అంటే 48,000 శాంపిళ్లు తీసుకుని, ఫైలు మీద మాత్రం సెకనుకు 44,100 అని చీటీ అంటించారు. ప్లేయర్ ఆ చీటీని నమ్మి శాంపిళ్లను నిదానంగా వదిలింది. 44,100ను 48,000తో భాగిస్తే 0.919 వస్తుంది. అంటే పాట ఎనిమిది శాతం నెమ్మదిస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు దిగుతుంది. నాలుగు శ్రుతి కాస్తా మూడుకూ రెండున్నరకూ మధ్య ఎక్కడో పడుతుంది.

ఈ రకం తప్పు దొరికితే సంతోషించాలి, ఎందుకంటే ఇది పూర్తిగా సరిదిద్దగలిగేది. ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి, ట్రాక్ పేరు దగ్గరున్న మెనూలో `Rate` ను `48000` చేస్తే చాలు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: `Resample` నొక్కకూడదు. `Rate` చీటీని మారుస్తుంది, శాంపిళ్లను ముట్టుకోదు. `Resample` శాంపిళ్లనే కొత్తగా లెక్కగట్టి, తప్పు శ్రుతిని అలాగే ఉంచుతుంది.

అయితే శ్రుతి తేడా వచ్చిన ప్రతిసారీ నింద శాంపిల్ రేట్ మీద వేయలేం. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు దిగిపోతుంటే మోటారు నెమ్మదిస్తుంది. ఆ టేపును ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే చివరికొచ్చేకొద్దీ గొంతు సన్నబడుతూ పోతుంది. శాంపిల్ రేట్ తప్పు అలా ఉండదు, మొదటి పద్యం నుంచి మంగళహారతి దాకా ఒకే మోతాదులో ఉంటుంది.

మేం చీటీ సరిచేశాక కూడా ఫైలు బాగోలేదు. రాగం సాగదీసి వదిలే చోట, గొంతు సన్నగిల్లేటప్పుడు, ఇసుక మీద నడిచినట్టు గరగర వినిపించింది. ఇది బిట్ డెప్త్ చేసిన పని. దానికి మాత్రం మందు లేదు, క్యాసెట్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే. ఎక్కించాం కూడా. ఆ రెండోసారి చేసిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు టేపులో ఏముందో తెలుసుకోవాలి

శాంపిల్ రేట్ అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తున్నామన్నది. ఆ రేటులో సగం దాకా ఉన్న పౌనఃపున్యాలే ఫైలులో నిలుస్తాయి. 44,100 పెడితే 22,050 హెర్ట్జ్ దాకా, 48,000 పెడితే 24,000 దాకా. చాలామంది దీన్ని మెట్లమెట్లుగా గీసిన బొమ్మతో ఊహించుకుని, రేటు పెంచేకొద్దీ మెట్లు చిన్నవై శబ్దం నునుపు తేలుతుందనుకుంటారు. అలా కాదు. ఆ సగం హద్దుకు లోపలున్న శబ్దం తిరిగి వినిపించేటప్పుడు నునుపైన గీతగానే వస్తుంది. రేటు పెంచితే పెరిగేది హద్దు మాత్రమే.

మరి క్యాసెట్లో ఏ హద్దు దాకా సరుకుంది? మామూలు ఫెర్రిక్ టేపు మీద ఇంట్లో చేసిన రికార్డింగులో 12 వేల హెర్ట్జ్ దాటాక మిగిలేది ఎక్కువగా టేపు బుసే. మంచి డెక్కు మీద చేసినదైతే 15 వేల దాకా ఉండొచ్చు. అంటే 48,000 రేటుకు ఇంకా బోలెడంత చోటు మిగులుతుంది. 96,000 పెడితే ఫైలు రెట్టింపవుతుంది, అదనంగా వచ్చి చేరేది బుస. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుల సంగతి వేరు. గీతల వల్ల వచ్చే టకటకలు చాలా పదునుగా ఉంటాయి, ఎక్కువ రేటుతో పట్టుకుంటే వాటిని సాఫ్ట్‌వేర్ తేలిగ్గా గుర్తుపట్టి తీసేస్తుంది. అక్కడ 96,000కు అర్థముంది. ఆడియో ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కూడా అనలాగ్ రికార్డింగులకు కనీసం 48,000 హెర్ట్జ్, 24 బిట్లు వాడమంటుంది. క్యాసెట్ విషయంలో నేను ఆ కనీసం దగ్గరే ఆగిపోతాను.

రేటును మరీ తగ్గిస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. పాత టెలిఫోన్ లైన్లలో సెకనుకు 8,000 శాంపిళ్లే. హద్దు 4,000 హెర్ట్జ్ కాబట్టి 'స', 'శ', 'ఫ' ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పద్యంలో అక్షరం ముఖ్యం, అక్షరం తెలిసేది ఆ పై పౌనఃపున్యాల్లోనే.

నిజానికి ఆ అక్షరాలను కాపాడేది శాంపిల్ రేట్ కన్నా ముందు డెక్కు హెడ్. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. 10,000 హెర్ట్జ్ శబ్దం టేపు మీద ఆక్రమించేది 4.76 మైక్రాన్లు మాత్రమే. హెడ్ కాస్త వంకరగా ఉన్నా ఆ సన్నని చారలు కలిసిపోయి శబ్దం మొద్దుబారుతుంది. అలా మొద్దుబారినదాన్ని 192 వేల రేటుతో పట్టుకున్నా మొద్దుగానే ఉంటుంది.

అందుకే మొదటి పని హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. తర్వాత హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను, క్యాసెట్ ఆడుతుండగానే, కొద్దికొద్దిగా తిప్పుతూ వినాలి. రెండు చానెళ్లనూ మోనోగా కలిపి వింటే తేడా బాగా తెలుస్తుంది. తాళాల చప్పుడు, 'స' అక్షరం ఎక్కడ గరిష్ఠంగా పదునెక్కితే అక్కడ ఆపాలి. మా క్యాసెట్‌కు పావు చుట్టు కూడా తిప్పలేదు, కానీ తాళాలు కొత్తగా తెచ్చి వాయించినట్టు వినిపించాయి. డెక్కులో డాల్బీ స్విచ్ ఉంటే, టేపును డాల్బీతో రికార్డు చేసి ఉంటే తప్ప దాన్ని ఆపేయండి.

రికార్డింగ్ సెట్టింగులు

డెక్కు లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు వైరు కలపాలి. ల్యాప్‌టాప్‌కుండే ఒక్క రంధ్రం మైకు కోసం పెట్టింది. అది మామూలుగా ఒక్క చానెలే తీసుకుంటుంది, పైగా లైన్ శబ్దం దానికి మోతాదు మించి పోతుంది.

అసలు తగాదా విండోస్ దగ్గర మొదలవుతుంది. ఇంటర్‌ఫేస్‌కు ఒక రేటు, విండోస్‌కు ఒక రేటు, ఆడాసిటీకి ఒక రేటు ఉంటాయి. మూడూ ఒకటి కాకపోతే విండోస్ మనకు చెప్పకుండా మధ్యలో మార్పిడి చేసేస్తుంది. అందుకని మూడు చోట్లా ఒకే అంకె పెట్టాలి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ పరికరం `Properties` లోకి వెళ్లి, `Advanced` లో ఇది ఎంచుకోండి:

```
2 channel, 24 bit, 48000 Hz (Studio Quality)
```

అక్కడే `Enhancements` లాంటివి ఉంటే అన్నీ ఆపేయాలి. ఇక ఆడాసిటీలో హోస్ట్ `Windows WASAPI`, ప్రాజెక్ట్ రేటు `48000`, శాంపిల్ ఫార్మాట్ `32-bit float`. హోస్ట్‌గా `MME` ఉంటే 24 బిట్లు పెట్టామనుకుంటాం, లోపలికి మాత్రం 16 బిట్లే వచ్చే ప్రమాదముంది. ప్రిఫరెన్సుల్లో డిథర్ అని ఒకటుంటుంది, ప్రస్తుతానికి దాన్ని `None` చేయండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

రికార్డింగ్ లెవెల్ పెట్టడానికి క్యాసెట్లో అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు వెతకండి. మా దాంట్లో అది చప్పట్లు. అక్కడ మీటరు -12, -6 డెసిబెళ్ల మధ్య ఆడితే చాలు. సున్నా తాకితే శబ్దం తల తెగిపోతుంది. 32 బిట్ ఫ్లోట్ ఉంది కదా, తెగదులే అనుకోవద్దు. ఆ ఫార్మాట్ కాపాడేది కంప్యూటర్లోకి వచ్చాక జరిగే పనులను. ఇంటర్‌ఫేస్ గుమ్మం దగ్గరే తెగినదాన్ని ఏ ఫార్మాటూ అతకలేదు.

24 బిట్లు దేనికి?

బిట్ డెప్త్ అంటే ప్రతి శాంపిల్‌ను ఎంత సన్నని స్కేలుతో కొలుస్తున్నామన్నది. 16 బిట్లంటే 65,536 గీతల స్కేలు, 24 బిట్లంటే 1,67,77,216 గీతల స్కేలు. ఒక్కో బిట్‌కు దాదాపు 6 డెసిబెళ్ల లోతు వస్తుంది. కాబట్టి 16 బిట్లకు అట్టడుగు -96 దగ్గర ఉంటుంది. 24 బిట్లకు కాగితం మీద -144, కానీ ఇంటర్‌ఫేసుల సొంత రొద అంతకన్నా పైనే ఉంటుంది కాబట్టి అంత లోతు ఎవరికీ దక్కదు.

మా క్యాసెట్‌నే తీసుకుంటే, పద్యాల శిఖరాలు -9 దగ్గర, ఖాళీ టేపు బుస -55 దగ్గర ఉన్నాయి. బుస కిందికి వినదగ్గదేమీ లేదు. అంటే 16 బిట్ల అట్టడుగు బుసకు ఇంకా 40 డెసిబెళ్లు కింద ఉంది. ఇది చూస్తే క్యాసెట్‌కు 16 బిట్లే ఎక్కువ కదా అనిపిస్తుంది. నిజమే. లెవెల్ సరిగ్గా పెట్టి, తర్వాత ఏ మార్పూ చేయకుండా వదిలేస్తే 16, 24 బిట్ల మధ్య తేడా చెవికి తెలియదు.

షాపు ఫైలును చూస్తే తేడా ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. చివర్లో, క్యాసెట్ ఆగినా రికార్డింగ్ నడిచిన నాలుగు సెకన్ల ముక్క మిగిలింది. దాన్నీ గరగరనూ కలిపి చూసి, జరిగింది ఇదని అంచనాకొచ్చాను. వాళ్లు 16 బిట్లలో, లెవెల్ బాగా తక్కువ పెట్టి, శిఖరాలు -40 దగ్గర ఉండేలా రికార్డు చేశారు. అప్పుడు పై 40 డెసిబెళ్లు, అంటే ఆరున్నర బిట్లు ఖాళీగా పడి ఉంటాయి. పాటకు మిగిలినవి తొమ్మిదిన్నర. బుస -86కు దిగింది. దాని మీద బుస తీసే ఫిల్టరు వేసి మరో ఇరవై డెసిబెళ్లు తగ్గించారు. ఇప్పుడు బుస 16 బిట్ల అట్టడుగు కన్నా కింద పడింది. దాన్ని అలాగే 16 బిట్లలో దాచి, ఆ తర్వాత శబ్దం చాలడం లేదని 35 డెసిబెళ్లు పెంచారు. బావి అడుగున ఉండాల్సిన బురద పైకి తేలింది. -96 దగ్గరున్న గీతల కరుకుదనం -61కి ఎక్కి, సన్నని ఆలాపనల కింద గరగరగా వినిపించింది.

ఇందులో తమాషా ఒకటుంది. బుస ఉన్నంతసేపూ ఆ కరుకుదనం తెలియదు. శబ్దం మరీ సన్నగా ఉన్నప్పుడు స్కేలు మీద రెండు మూడు గీతల మధ్యే ఊగుతుంది. ప్రతిసారీ దగ్గరి గీతకు సర్దడం వల్ల వచ్చే తేడా పాటతో పాటే లేచి పడుతూ వికారంగా వినిపిస్తుంది. పైన కాస్త అడ్డదిడ్డమైన బుస కలిస్తే ఆ తేడా చెల్లాచెదురై మామూలు రొదలో కలిసిపోతుంది. డిథర్ అనేది ఇదే: బిట్లు తగ్గించే ముందు కావాలని కలిపే సన్నని బుస. టేపుకు ఆ బుస పుట్టుకతోనే ఉంది. దాన్ని ఫిల్టరుతో తీసేసి, డిథర్ కలపకుండా బిట్లు కోసేస్తేనే ఇబ్బంది.

24 బిట్లతో పట్టుకుంటే లెవెల్ పది, ఇరవై డెసిబెళ్లు తక్కువైనా టెన్షన్ లేదు. ఎన్నిసార్లు పెంచినా తగ్గించినా కింద ఇంకా చోటుంటుంది. నాకు 24 బిట్ల విలువ అంతవరకే. అందులో అదనపు తీపి ఏదో వినిపిస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

నిజంగా 24 వచ్చాయా?

రెండు నిమిషాలు రికార్డు చేసి, 24 బిట్ వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంను ఇలా అడగండి:

```
ffmpeg -i test.wav -af astats -f null -
```

వచ్చే వివరాల్లో `Bit depth` వరుస చూడండి. 24 కనిపిస్తే సరే. 16 అని ఉంటే దారిలో ఎవరో 16కు కోసి, మిగతా ఎనిమిది బిట్లలో సున్నాలు నింపారన్నమాట. హోస్ట్, విండోస్ సెట్టింగ్ మళ్లీ చూసుకోండి. డిథర్ ఆపమన్నది ఇందుకే: అది నడుస్తుంటే ఆ ఖాళీ బిట్లలో బుస నింపి ఈ పరీక్షను మోసం చేస్తుంది.

ఎవరైనా ఇచ్చిన ఫైలు అసలుదా కాదా అన్న అనుమానం ఉంటే ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ తెరవండి. టేపు నుంచి నేరుగా వచ్చినదైతే పైకి పోయేకొద్దీ రంగు మెల్లగా పలచబడుతుంది. 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది ఒకప్పుడు తక్కువ బిట్ రేట్ ఎంపీ3గా ఉండి, తర్వాత వేవ్ వేషం వేసుకున్నదని దాదాపు ఖాయం. అలాంటిదాన్ని 96 వేల రేటుకు, 24 బిట్లకు పెంచినా పోయింది తిరిగి రాదు, హార్డ్ డిస్క్ నిండడం తప్ప.

మాస్టర్, ఆ తర్వాత పంచే కాపీలు

రికార్డింగ్ అయ్యాక ఏమీ ముట్టుకోకుండా 48,000, 24 బిట్లలో ఒక ఫైలు దాచండి. రెండు చానెళ్లకు గంటకు సుమారు 1.04 జీబీ వేవ్ అవుతుంది. ఫ్లాక్‌లో దాచితే ఒక్క బిట్ కూడా పోకుండా ఇంకా తక్కువ చోటు పడుతుంది. టేపు మోనోదే అయినా రెండు చానెళ్లూ ఉంచండి. ఒక అంచు నలిగిన చోట రెండో చానెల్ శుభ్రంగా ఉండొచ్చు.

బుస తగ్గించడం, లెవెల్ పెంచడం అన్నీ వేరే కాపీలో, 32 బిట్ ఫ్లోట్‌లోనే చేయండి. రేటు మార్చడం, బిట్లు తగ్గించడం చిట్టచివర, ఒక్కసారే. ఫోన్లో వినడానికైతే రేటు మార్చే పనే లేదు, 48,000 అలాగే ఏఏసీ లేదా ఎంపీ3 చేయొచ్చు. కారులో సీడీ కావాలన్నవాళ్లకే 44,100, 16 బిట్లు అవసరం. అది సాక్స్ అనే ప్రోగ్రాంతో ఒక్క వరుసలో అవుతుంది:

```
sox -G natakam.wav -b 16 cd.wav rate -v 44100 dither
```

`rate -v` కొత్త రేటుకు మించిన పౌనఃపున్యాలను ముందుగా వడకట్టి మారుస్తుంది. వడకట్టకుండా రేటు తగ్గిస్తే హద్దు దాటిన శబ్దం మడత పడి కిందికి దిగుతుంది. ఉదాహరణకు 22,050 రేటుకు అలా దించితే 15,000 హెర్ట్జ్ తాళాల మెరుపు 7,050 దగ్గర, శ్రుతితో సంబంధం లేని ఈలగా తేలుతుంది. `dither` బిట్లు కోసే ముందు సన్నని బుస కలుపుతుంది. `-G` శిఖరాలు తెగకుండా చూస్తుంది.

మా రెండో మార్పిడిలో ఒక వైపు 46 నిమిషాలు వచ్చింది, క్యాసెట్‌తో సరిగ్గా సరిపోయింది. బుస మాత్రం ఆరు డెసిబెళ్లే తగ్గించాను. అంతకు మించి తీస్తే జనం సద్దు కూడా పోతోంది. ఫైలు హార్మోనియం పెద్దాయనకు పంపితే, తన పెట్టె ముందు పెట్టుకుని నాలుగో శ్రుతి మెట్టు నొక్కి పట్టుకుని విన్నారు. తర్వాత ఫోన్ చేసి, రెండో వైపు మూడో పద్యంలో తాను ఒక స్వరం తప్పు నొక్కానని, అది ఎడిటింగులో తీసేయడం కుదురుతుందా అని అడిగారు.